ఐదు నిమిషాలు, ఒక్క మాట, నాలుగు స్లైడ్లు



యూనివర్సిటీ సెమినార్లలో తిరిగిన మనవాళ్ళందరికీ బాగా తెలిసిన పదం ఒకటుంది. సమయాభావం. ప్రారంభ సభలో పెద్దలు గంట ఆలస్యంగా వస్తారు, శాలువాలు అయ్యేసరికి ఇంకో గంట, కీలకోపన్యాసం నలభై నిమిషాలని వేసి గంటంబావు నడుస్తుంది. ఆ పోయిన సమయమంతా ఎవరి ఖాతాలోంచి పోతుంది? సాయంత్రం చివరి సెషన్లో, సగం కుర్చీలు ఖాళీ అయ్యాక, పేపరు చదవడానికి లేచిన రీసెర్చ్ స్కాలర్ ఖాతాలోంచి. "సమయాభావం వల్ల రెండు నిమిషాల్లో ముగించమ్మా" అంటారు. ఆ చివరి సెషన్లో ఎవరి పేర్లు ఉంటాయో నేను వేరే చెప్పక్కర్లేదు.

అందుకే ఈ మధ్య సదస్సుల్లో లైట్నింగ్ టాక్ అనే పద్ధతి వస్తుంటే నాకు సంతోషంగానే ఉంది. మెరుపు ప్రసంగం అందాం. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. ప్రొఫెసర్‌కైనా అంతే, మొదటి ఏడాది స్కాలర్‌కైనా అంతే. గంట కొట్టగానే దిగిపోవాలి. "ఐదు నిమిషాల్లో ఏం చెప్తాం, ఇది పరిశోధనని ఎగతాళి చేయడమే" అని మన మిత్రులే కొందరు విసుక్కుంటున్నారు. వాళ్ళతో నేను ఏకీభవించను. ఇరవై నిమిషాలని కాగితం మీద రాసి రెండు నిమిషాలిచ్చే పద్ధతి కంటే ఐదని చెప్పి ఐదూ ఇచ్చే పద్ధతి నాకు మేలనిపిస్తుంది. కాకపోతే ఆ ఐదింటినీ ఎట్లా వాడుకోవాలో మనకెవరూ నేర్పలేదు. ఈ భాగంలో ఆ సంగతి ఒక్క ఉదాహరణ తీసుకుని రాస్తాను.

మా దగ్గర చదివి ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తున్న ఒకమ్మాయికి వచ్చే వారం అట్లాంటి ఐదు నిమిషాలు దొరికాయి. జాషువా గబ్బిలం మీద పని చేస్తోంది. పద్నాలుగు స్లైడ్లు చేసుకుని వచ్చింది. "మేడమ్, ఇందులో ఏం తీసెయ్యాలో అర్థం కావట్లేదండి, అన్నీ ముఖ్యమే" అంది.

అన్నీ ముఖ్యమే, నిజమే. 1895లో వినుకొండలో పుట్టడం, క్రీస్తు చరిత్రకి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు, 1970లో పద్మభూషణ్, చెళ్ళపిళ్ళ వారు గండపెండేరం తొడగడం, కావ్యం 1941లో రావడం, దానికి ముందు రెండేళ్ళ క్రితమే మధుర మీనాక్షి గుడిలోకి దళితులు ప్రవేశించడం, కాళిదాసు మేఘదూతం, సందేశ కావ్యాల లక్షణాలు, చివరికి "ముగింపు", "ధన్యవాదాలు". ఇది థీసిస్‌కి విషయసూచిక. ఐదు నిమిషాల్లో విషయసూచిక చదివితే విన్నవాళ్ళకి విషయసూచికే మిగులుతుంది.

"స్లైడ్లు పక్కన పెట్టు. నువ్వు చెప్పదలచుకున్నది ఒక్క వాక్యంలో రాయి" అన్నాను.

ఆమె రాసింది: గబ్బిలం కావ్యంలో దళిత చైతన్యం.

ఇది వాక్యం కాదు, శీర్షిక. క్రియాపదం లేదు. మన తెలుగు శాఖల్లో థీసిస్ పేర్లన్నీ ఇట్లాగే ఉంటాయి: ఫలానా కథల్లో స్త్రీ, ఫలానా నవలల్లో గ్రామీణ జీవితం. వీటిలో "అవును" అనడానికీ "కాదు" అనడానికీ ఏమీ ఉండదు. ఒప్పుకోవడానికో కాదనడానికో వీలిచ్చే మాటనే నేను ఆలోచన అంటాను. రెండోసారి రాసింది: గుడిలోకి దళితుడికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది, అందుకే జాషువా గబ్బిలాన్ని దూతగా పంపాడు.

ఇది వాక్యమే, నిజం కూడా. కానీ ఇంటర్ గైడులో కూడా ఉంటుంది. తెలుగు లెక్చరర్లు నిండిన హాల్లో దీన్ని ఐదు నిమిషాలు చెప్తే తలలు ఊపి టీకి వెళ్తారు. ఇక్కడ చాలామంది చేసే పని, తెలిసిన మాటనే గట్టి గొంతుతో చెప్పడం. గొంతు పెంచినంత మాత్రాన మాట కొత్తది కాదు.

అప్పుడు నేనొక ప్రశ్న వేశాను. మేఘదూతంలో మేఘం గుడికి వెళ్ళదా? ఆమె కాసేపు ఆలోచించి, వెళ్తుందండి, ఉజ్జయినిలో మహాకాళుని గుడికి, అంది. అవును, వెళ్తుంది. రామగిరిలో ఉన్న యక్షుడు మేఘాన్ని ఉత్తరంగా అలకాపురికి పంపుతూ, దారి కాస్త వంకర అయినా సరే ఉజ్జయిని చూడకుండా పోవద్దంటాడు. సాయంత్రం దాకా అక్కడే ఉండి, శివుడికి సంధ్యాపూజ జరిగేటప్పుడు నీ ఉరుముతో వాద్యం మోగించు, ఆ పుణ్యం దక్కుతుంది అంటాడు. అంటే మేఘం కూడా శివుడి గుడికి వెళ్తుంది. ఆకాశంలోంచి వాయిద్యం మోగించి, తన దారిన తాను పోతుంది. జాషువా గబ్బిలం కూడా శివుడి గుడికే వెళ్తుంది, కాశీ విశ్వనాథుడి దగ్గరికి. కానీ అది అక్కడ ఆగుతుంది. దాని పని అక్కడే.

ఇది మాట్లాడుకుంటుండగా ఆమే రాసింది, నేను కాదు: కాళిదాసు మేఘానికి గుడి దారిలో ఒక మజిలీ, జాషువా గబ్బిలానికి గుడే గమ్యం.

ఇదీ ఐదు నిమిషాలకు సరిపోయే వాక్యం. ఎందుకు సరిపోతుందంటే, మొదటిది, దీన్ని కాదనొచ్చు. దూత చేరాల్సింది వ్యక్తి దగ్గరికి కదా, ఒకచోట భార్య, ఇంకోచోట శివుడు, గుడి సంగతి యాదృచ్ఛికం అని ఎవరైనా అనొచ్చు. అనాలి కూడా. రెండోది, దీన్ని రుజువు చెయ్యడానికి రెండు కావ్యాల్లో చెరో చోటు చూపిస్తే చాలు, జీవిత చరిత్ర అక్కర్లేదు. మూడోది, విన్నవాడు హాస్టల్‌కి వెళ్ళి రూమ్మేట్‌కి చెప్పగలడు.

వాక్యం దొరికాక ఆమెకి ఇంకో మంచి ఆలోచన వచ్చింది. యక్షుడి శాపం ఏడాదే, మేఘం బయల్దేరేసరికి ఇంక నాలుగు నెలలే మిగిలాయి, అంటే ఆ దుఃఖానికి గడువుంది, మనవాడి శాపానికి గడువు లేదు మేడమ్, అది కూడా పెడతానండి అంది. చాలా మంచి మాట. నాకూ ఒళ్ళు జలదరించింది. వద్దన్నాను. ఇది ఇంకో ప్రసంగం. మొదటిది చోటు గురించి, ఇది కాలం గురించి. రెండూ ఒకేసారి చెప్తే విన్నవాళ్ళకి ఒకటి రెండోదాని మీద పడి రెండూ చెదిరిపోతాయి. ఐదు నిమిషాల ప్రసంగాన్ని చెడగొట్టేది ఎక్కువగా చెత్త విషయం కాదు, రెండో మంచి విషయం. దాన్ని నోట్‌బుక్‌లో వేరే పేజీలో రాసుకోమన్నాను, పారేయమనలేదు.

ఇప్పుడు లెక్క. ఇంటర్నెట్‌లో వెతికితే నిమిషానికి నూట ముప్పై, నూట యాభై మాటలని, ఐదు నిమిషాలకు ఏడు వందల మాటలు రాసుకోమని సలహాలు దొరుకుతాయి. అవి ఇంగ్లీషుకి. తెలుగులో విభక్తీ, క్రియా, కాలమూ అన్నీ ఒకే మాటలో కలిసిపోతాయి. "వెళ్ళలేకపోయినవాళ్ళకి" అన్నది మనకి ఒక్క మాట, ఇంగ్లీషులో ఐదారు. నేను క్లాసులో గడియారం పెట్టి పిల్లల చేత చదివించి చూస్తే, హాల్లో వెనక బెంచీకి అర్థమయ్యేట్టు చదివితే నిమిషానికి తొంభై మాటలకు అటూ ఇటూ వస్తోంది. మీరూ మీ గొంతుతో కొలుచుకోండి, మనిషికీ మనిషికీ మారుతుంది. ఐదు నిమిషాల్లో మైకు సర్దుకోవడం, స్లైడు రావడం, ఎవరో ఒకరు తలుపు తీసుకుని లోపలికి రావడం, వీటికి అర నిమిషం పోతుంది. మిగిలింది నాలుగున్నర. అంటే నాలుగు వందల మాటలు. చేతిరాతలో రెండు పేజీలు కూడా రావు. ఏడు వందల మాటల కాగితం పట్టుకుని ఎక్కినవాళ్ళు మూడో నిమిషంలో పరుగెత్తడం మొదలుపెట్టి, ఐదో నిమిషంలో అసలు మాట దగ్గర గంట కొట్టించుకుంటారు.

స్లైడ్లు చూపించకుండా ఒకసారి మొత్తం చెప్పమని గడియారం పెట్టాను. 7 నిమిషాల 10 సెకన్లు. నేను ప్రతి ముక్కకీ పక్కన సమయం రాసుకున్నాను, ఎందుకంటే మొత్తం ఎంతయిందో తెలిస్తే లాభం లేదు, ఎక్కడ పోయిందో తెలియాలి. వేదిక మీది పెద్దలకు నమస్కారాలు 50 సెకన్లు. జాషువా జీవితం నిమిషంన్నర. కాళిదాసు 2 నిమిషాల 40 సెకన్లు. తన సొంత మాట 1 నిమిషం 20 సెకన్లు. ముగింపు, ధన్యవాదాలు ఇంకో 50.

ఈ లెక్కలో రెండు చోట్ల నేను ఆగిపోయాను.

కాళిదాసుకి 2:40 ఇచ్చి, తనకి 1:20 ఇచ్చుకుంది. ఎందుకట్లా? మేఘదూతం గురించి చెప్పిందంతా తప్పు లేకుండా, శ్లోకాలతో సహా చెప్పింది. కానీ అక్కడ ఆమె వాదన చేయట్లేదు. పరీక్ష రాస్తోంది. నేను సంస్కృతం చదివాను, నాకు ఇది తెలుసు, ఈ హాల్లో నిలబడే అర్హత నాకుంది అని నిరూపించుకుంటోంది. ఇది ఆమె ఒక్కదాని జబ్బు కాదు. మొదటి తరం చదువరులందరికీ ఉంటుంది. "రిజర్వేషన్‌లో వచ్చింది" అనే చూపు హాల్లో ఎక్కడో ఒక కుర్చీలో కూర్చుని ఉంటుందని మనకి తెలుసు, ఆ కుర్చీకి జవాబు చెప్తూ మన సమయం అంతా ఖర్చు పెడతాం. నాకు కోపం ఆ అమ్మాయి మీద కాదు, ఆ కుర్చీ మీద. అయినా పని పనే: కాళిదాసులోంచి ఆమె వాక్యానికి కావలసింది మూడే మూడు. యక్షుడు భార్యకి మేఘంతో కబురు పంపాడు. దారి మళ్ళినా సరే ఉజ్జయిని చూడమన్నాడు. అక్కడ గుడి దగ్గర ఉరిమి, ముందుకు పోతుంది. 55 సెకన్లు చాలు. నిజానికి ఉజ్జయిని మజిలీ సరిగ్గా గుర్తుచేస్తే, చదివావో లేదో ఆ కుర్చీకి అర్థమవుతుంది. శ్లోకం పాడక్కర్లేదు.

రెండోది నమస్కారాలు. "వేదికనలంకరించిన..." మొదలుపెడితే ఐదారుగురి పేర్లూ హోదాలూ. ఐదు నిమిషాల్లో ఆరో వంతు. తీసెయ్ అనడం తేలిక. పై కులం కుర్రాడు నేరుగా విషయంలోకి వెళ్తే "స్మార్ట్" అంటారు. మన పిల్ల అదే చేస్తే "పెద్దలంటే లెక్కలేదు" అంటారు, ఆమె మీద సంతకం పెట్టాల్సినవాళ్ళలో ఒకరు ఆ వేదిక మీదే ఉండొచ్చు. అందుకని దీన్ని ఆమె ధైర్యానికి వదిలెయ్యకూడదని నా అభిప్రాయం. నిర్వాహకులు సెషన్ మొదట్లోనే "వక్తలు సంబోధనలు లేకుండా నేరుగా మొదలుపెడతారు, వాళ్ళ పేరూ విషయమూ మేమే చెప్తాం" అని ప్రకటించాలి. ఒక్క వాక్యం. మెరుపు ప్రసంగాలు పెట్టే ప్రతి చోటా మనం అడగాల్సింది ఇది. ఆమె ఫోన్ చేసి అడిగింది, వాళ్ళు ఒప్పుకున్నారు. ఒప్పుకోకపోతే "అందరికీ నమస్కారం" అని మొదలుపెట్టమన్నాను. జై భీమ్ అనాలనుకుంటే అది ఒక సెకను.

జీవిత చరిత్ర పూర్తిగా పోయింది. తెలుగువాళ్ళ సభలో జాషువా ఎవరో చెప్పడం జాషువాకే అవమానం. వేరే శాఖలవాళ్ళుండే సభ అయితే మాత్రం పది సెకన్లు పెట్టాలి.

ఇక స్లైడ్లు. ఇవి చివరికి రావాలి, మనం మొదట మొదలుపెడతాం. ఎన్ని ఉండాలన్నదానికి లోకంలో రకరకాల నియమాలున్నాయి. ఇగ్నైట్ అనే పద్ధతిలో ఐదు నిమిషాలకి ఇరవై స్లైడ్లు, పదిహేను సెకన్లకొకటి దానంతటదే మారిపోతుంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ 2008లో మొదలుపెట్టిన మూడు నిమిషాల థీసిస్ పోటీలో ఒక్కటే స్లైడు, కదలకూడదు. రెండు చివరలూ అవి. నేను వేసుకునే ప్రశ్న వేరే: ఇది కళ్ళతో చూడకపోతే అర్థం కాదా? చెప్తే అర్థమయ్యేదానికి స్లైడు అక్కర్లేదు. ఈ ప్రశ్నకి పద్నాలుగులో నాలుగే నిలిచాయి, అవి కూడా రూపం మార్చుకుని.

మొదటి స్లైడు మీద రెండే మాటలు: మజిలీనా? గమ్యమా? పేరూ, యూనివర్సిటీ లోగో, సదస్సు పేరూ ఏమీ లేవు. అవి నిర్వాహకుల బ్యానర్ మీద ఉంటాయి.

రెండో స్లైడు మేఘం దారి. ఎడమ చివర రామగిరి, కుడి చివర అలక, మధ్యలో గీత ఒకచోట కిందికి వంగి ఒక చిన్న గోపురాన్ని తాకి మళ్ళీ పైకి వచ్చి ముందుకు పోతుంది. గోపురం కింద ఉజ్జయిని అని రాసి ఉంటుంది. మూడో స్లైడు గబ్బిలం దారి. అదే గీత, అదే మందం, అదే గోపురం బొమ్మ. ఎడమ చివర ఊరి బయట గుడిసె. కుడి చివర, గీత ఆగిపోయిన చోట, గోపురం. కింద కాశీ. ఈ రెండు స్లైడ్లలో మారింది గోపురం ఉన్న చోటు ఒక్కటే. రెండో దాని మీంచి మూడో దానికి మీట నొక్కగానే గోపురం మధ్యలోంచి చివరికి జరిగినట్టు కనిపిస్తుంది. ఆమె వాక్యం మొత్తం ఆ జరగడంలో ఉంది. ఆమె మొదట్లో ఇదే విషయాన్ని ఒక పట్టికగా చేసుకొచ్చింది, కావ్యం, కవి, దూత, పంపినవాడు, అందుకునేవాడు అని ఐదు వరసలు. పట్టిక పెడితే జనం చదువుతారు. చదివేటప్పుడు వినరు. బొమ్మలు ఆమె తమ్ముడు కాగితం మీద పెన్నుతో గీశాడు, ఫోన్‌తో ఫొటో తీసి పెట్టారు. ఇంటర్నెట్‌లో దొరికే మెరిసే గుడి ఫొటోల కంటే అవే బాగున్నాయి, ఎందుకంటే ఫొటో పెడితే అది ఏ గుడి, ఎప్పుడు తీసింది అనే వైపు చూపు పోతుంది.

నాలుగోది పద్యం. పూజారి లేని సమయం చూసుకుని శివుడి చెవిలో చెప్పమని గబ్బిలానికి అప్పగించే చోటు. ఆమె వాదనకి అసలు సాక్ష్యం ఇది. దూత గుడి దాకా చేరితే సరిపోదు, లోపలికి పోవాలి, పూజారి కన్నుగప్పాలి, చెవి దగ్గరికి చేరాలి. మేఘానికి ఈ బాధ లేదు, దానికి గుడిలో ఎవరితోనూ మాట్లాడే పని లేదు. పద్యం మొత్తం స్లైడు మీద పెట్టొద్దన్నాను, ఆ మాట వచ్చే ముక్క మాత్రం చాలు.

ఇక్కడ తెలుగువాళ్ళకే ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. రాగం. మన సభల్లో పద్యం కనబడితే గొంతు సవరించుకుంటాం. నాలుగు పాదాల వృత్తాన్ని రాగం తీసి పాడితే ముప్పావు నిమిషం హాయిగా పోతుంది, చప్పట్లు పడితే ఇంకో పది సెకన్లు. చప్పట్లు జాషువాకి, నీ వాదనకి కాదు. మామూలుగా, అర్థం తెలిసేట్టు విరిచి చదివితే ఆ ముక్క పది సెకన్లలో అయిపోతుంది, మిగిలిన ముప్పై అయిదు సెకన్లూ "పూజారి లేనప్పుడే ఎందుకు?" అన్న ప్రశ్న మీద పెట్టొచ్చు. ఆమె మంచి గొంతున్న పిల్ల, కష్టపడి ఒప్పుకుంది.

అక్షరాల గురించి రెండు ముక్కలు, ఎందుకంటే ఇది నేను చాలాచోట్ల చూస్తున్నాను. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించిన స్లైడ్లు వేరే కంప్యూటర్లో తెరిస్తే అక్షరాలకు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి, ఎందుకంటే అవి యూనికోడ్ కాదు, ఆ ఫాంటు ఆ కంప్యూటర్లో ఉంటేనే పని చేస్తాయి. యూనికోడ్‌లో కొట్టి, చివరికి పీడీఎఫ్‌గా మార్చి తీసుకెళ్ళాలి, పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఉంటుంది. ఇంకోటి, ఇంగ్లీషుకి సరిపోయిన సైజు తెలుగుకి చాలదు. మనకి వత్తులు కింద, గుడులు పైన, ఒక్క అక్షరం మూడు అంతస్తులు. నలభైకి తగ్గించకుండా, వరసకీ వరసకీ మధ్య బాగా ఖాళీ వదిలి పెట్టమన్నాను. క్లాస్‌రూమ్‌లో ప్రొజెక్టర్ వేసి, లైట్లు ఆర్పకుండా, చివరి బెంచీలో కూర్చుని చూస్తే తెలిసిపోతుంది.

ఇప్పుడు సమయం ఇట్లా కుదిరింది. ప్రశ్న వేయడానికి 25 సెకన్లు. కాళిదాసు 55. జాషువా 1 నిమిషం 10. పద్యం 45. కాదనేవాళ్ళ మాటా, దానికి జవాబూ 50. చివరి మాట 20. మొత్తం 4 నిమిషాల 25 సెకన్లు.

ఆ 50 సెకన్ల గురించి చెప్పాలి, ఎందుకంటే తక్కువ సమయం ఉన్నప్పుడు అందరూ మొదట కోసేది దాన్నే. దూత చేరాల్సింది మనిషి దగ్గరికే కదా, గుడి దగ్గరికి కాదు కదా అన్న అభ్యంతరం ఆమే ఎత్తుతుంది. జవాబు: యక్షుడికీ భార్యకీ మధ్య ఉన్నది దూరం. మనవాడికీ శివుడికీ మధ్య ఉన్నది తలుపు. దూరాన్ని దాటడానికి మేఘం చాలు, తలుపు దాటడానికి చాలదు. ఈ ముక్క లేకపోతే మిగతాదంతా పోలిక మాత్రమే. పోలికలు వినడానికి బాగుంటాయి, ఎవరినీ ఏమీ ఒప్పించవు.

మొదటి రెండు వాక్యాలూ, చివరి రెండు వాక్యాలూ కంఠతా పట్టింది. మధ్యలోది పట్టొద్దన్నాను. మొత్తం కంఠస్థం చేసినవాళ్ళు ఒక్క మాట మర్చిపోతే దాని కోసం వెతుక్కుంటూ అక్కడే నిలబడిపోతారు. మధ్యలో తడబడినా చివరి వాక్యం ఎక్కడుందో తెలిస్తే అక్కడికి దూకొచ్చు. నాలుగో నిమిషంలో హెచ్చరిక గంట కొడతారట. ఆ గంట వినబడేసరికి ఆమె అభ్యంతరానికి జవాబు ముగిస్తూ ఉండాలి. ఇంకా పద్యంలోనే ఉంటే జవాబుని ఒక్క వాక్యానికి కుదించి చివరికి వెళ్ళాలి. ఆ ఒక్క వాక్యం ఏదో కూడా ముందే అనుకుని పెట్టుకున్నాం.

తర్వాత పరీక్ష. హాస్టల్లో కెమిస్ట్రీ చదివే అమ్మాయికి ఒకసారి వినిపించి, ఏమీ అడగకుండా వదిలేసి, రాత్రి భోజనాల దగ్గర అడగమన్నాను: నేనేం చెప్పానే? "జాషువా గొప్ప కవి అని" అంటే మళ్ళీ మొదటికి రావాలి. మొదటిసారి ఆ అమ్మాయి అన్నది ఇది: "అదే, మేఘం గుడికి వెళ్ళి డప్పు కొట్టి పోతుంది, గబ్బిలం లోపలికి పోయి మాట్లాడుతుంది." వాక్యం ఆమె రాసినట్టు రాలేదు. కానీ డప్పు అన్న మాట మేమెవరం వాడలేదు, వాద్యం అన్నాం. గుడి బయట డప్పు కొట్టడం ఎవరి పనో ఆ కెమిస్ట్రీ పిల్లకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మా అమ్మాయి వెంటనే తన కాగితంలో వాద్యం కొట్టేసి డప్పు అని రాసుకుంది. కాళిదాసు చెప్పింది డప్పు కాదని ఎవరైనా లేస్తారేమో అని నేనన్నాను. "లేవనివ్వండి మేడమ్, ప్రశ్నల సమయం వాళ్ళదే కదా" అంది.

ఈ పద్ధతి అన్నిటికీ పనికిరాదు. చుండూరు గురించి ఐదు నిమిషాల్లో చెప్పమంటే నేను ఒప్పుకోను. 1991 ఆగస్టు 6న జరిగినదాన్ని నాలుగు స్లైడ్లలో పెడితే అది మరణించినవాళ్ళకి అన్యాయం, విన్నవాళ్ళకి గుండె బరువెక్కి చప్పట్లు కొట్టి మర్చిపోయే అవకాశం. కానీ విచారణ కోసం ప్రత్యేక కోర్టుని ఆ ఊళ్ళోనే పెట్టించుకోవడం ఎందుకు అవసరమైంది అన్న ఒక్క ప్రశ్న ఐదు నిమిషాల్లో పడుతుంది. బాధని కుదించలేం, ప్రశ్నని కుదించొచ్చు. గణాంకాల మీద నిలబడే వాదనలు కూడా ఇందులో ఇమడవు. అంకె ఎక్కడిది, ఎట్లా లెక్కేశారు అన్నది చెప్పకుండా అంకె చెప్తే అది మాట మీద నమ్మమనడమే, మనల్ని మాట మీద నమ్మే సభలు ఇంకా తక్కువే.

కోసేసిన పది స్లైడ్లలో మూడు ఆమె పారేయలేదు. మధుర మీనాక్షి గుడి ప్రవేశం, 1939. సందేశ కావ్యాల లక్షణాలు. శాపం గడువు, నాలుగు నెలలు. వీటిని నాలుగో స్లైడు తర్వాత, ఒక నల్ల స్లైడు అడ్డం పెట్టి, ఫైలు చివర ఉంచింది. ఎవరైనా అడిగితే తీస్తుంది, లేకపోతే ఎవరికీ కనిపించవు. ధన్యవాదాల స్లైడు లేదు. ప్రశ్నలు అడుగుతున్నంతసేపూ తెర మీద మూడో స్లైడు ఉంటుంది, గీత చివర గోపురం ఉన్నది.